కొండకు మట్టి మెత్తిన బుద్ధుడు

మేడ్చల్ జిల్లా కీసరగుట్ట మీద ఒక గుండుపై ‘తొలుచువాండ్రు’ అని చెక్కి ఉంది. విష్ణుకుండినుల కాలపు రాతగా, అంటే సుమారు అయిదో శతాబ్దానిదిగా శాసన పరిశోధకులు దాన్ని గుర్తించారు. రాయి తొలిచే పనివాళ్లు ఆనాడే ఈ గుట్టల్లో తిరిగారన్నమాట. ఇదే కాలానికి కాస్త అటూ ఇటూగా బౌద్ధ భిక్షువులూ ఇక్కడే ఉన్నారు. మూసీ ఒడ్డున చైతన్యపురిలో ఒక రాతి గుండు మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్న శాసనం గోవిందరాజ విహారం పేరు చెబుతోంది. నల్లగొండ వైపు తుమ్మలగూడెంలో దొరికిన రాగిరేకుల్లో విష్ణుకుండిన గోవిందవర్మ బౌద్ధ విహారానికి ఇచ్చిన దానం నమోదైంది.

చెక్కేవాడున్నాడు, డబ్బు పెట్టే రాజున్నాడు, సంఘం ఉంది. రాయికైతే కొదవే లేదు: శామీర్‌పేట చెరువు చుట్టూ, మేడ్చల్ దాకా ఎటు చూసినా గుట్టలే. అయినా ఈ నేలలో కొండకు చెక్కిన మహా బుద్ధుడు ఒక్కడూ లేడు. తెలుగునాట కొండరాతిలోనే తొలిచిన బుద్ధులను చూడాలంటే అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ దాకా పోవాలి. అక్కడివీ గుహ గుమ్మాల పైనా లోపలా కూర్చున్న మామూలు కొలతల బొమ్మలే. ఇంచుమించు ఆ శతాబ్దాల్లోనే హిందూకుష్ పర్వతాల నడుమ బామియాన్‌లో 38 మీటర్ల బుద్ధుడొకరు, 55 మీటర్ల బుద్ధుడొకరు లేచి నిలబడ్డారు. అక్కడ లేచి ఇక్కడ ఎందుకు లేవలేదన్నది పెట్టుకుంటే, ఆ విగ్రహాల గురించి చెప్పే కారణాల్లో ఏది నిలుస్తుందో ఏది నిలవదో తేల్చుకోవచ్చు.

మొదటి జవాబు సిద్ధాంతం నుంచి వస్తుంది. చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ క్రీ.శ. 630 ప్రాంతంలో బామియాన్ చూశాడు. అక్కడి భిక్షువులు లోకోత్తరవాదులని రాశాడు. బుద్ధుడు మనలాంటి మనిషి కాడు, లోకానికి అతీతుడు అన్నది వాళ్ల నమ్మకం. అంతటివాడికి మనిషి కొలత చాలదు కనుక కొండంత విగ్రహం చెక్కారని వివరిస్తారు. వినడానికి బాగానే ఉంది. చిక్కేమిటంటే, లోకోత్తరవాదులు మహాసాంఘికుల్లో ఒక శాఖ. అమరావతిలో, నాగార్జునకొండలో వేళ్లూనుకున్న చైత్యక, అపరశైల శాఖలూ ఆ మహాసాంఘిక కుటుంబానివే. దగ్గరి చుట్టాలైన ఆంధ్ర భిక్షువులు మహా విగ్రహం జోలికి పోలేదు. వాళ్ల భారీతనం స్తూపంలో కనిపిస్తుంది: అమరావతి మహాచైత్యం అడుగు వ్యాసమే సుమారు 50 మీటర్లు. కాబట్టి పెద్దది కట్టాలన్న కోరికను సిద్ధాంతం పుట్టించి ఉండవచ్చు గానీ, అది కొండ మీద బొమ్మ కావాలని చెప్పింది మాత్రం సిద్ధాంతం కాదు.

రెండో జవాబు దారి, డబ్బు. ఇది మొదటిదానికన్నా గట్టిది. బామియాన్ లోయ బల్ఖ్ నుంచి కపిశ మీదుగా మన దేశానికి వచ్చే దారిలో ఉంది. కనుమలు దాటి అలసి వచ్చిన బిడారులు ఆ లోయలో దిగేవి. ఆ వర్తకం మీదే రాజ్యం బతికింది. అయిదేళ్లకోసారి మహా సభ పెట్టి, అక్కడి రాజు తన సర్వస్వాన్నీ సంఘానికి దానం చేసేవాడనీ హ్యూయెన్‌త్సాంగ్ రాశాడు. అలాంటి రాజ్యానికి, చాలా దూరం నుంచే దారిన పోయేవాళ్ల కంటబడే బుద్ధుడు పుణ్యానికి పుణ్యం, పేరుకు పేరు. చైనాలో లెషాన్ బుద్ధుడి కథా ఇంచుమించు ఇదే. మూడు నదులు కలిసేచోట పడవలు మునిగిపోతున్నాయని హైటాంగ్ అనే భిక్షువు 713లో పని మొదలుపెట్టాడు. 803కి గానీ పూర్తి కాలేదు. ఎత్తు 71 మీటర్లు.

కానీ దారులు మనకూ ఉన్నాయి, దానాలూ ఉన్నాయి. కృష్ణా తీరపు బౌద్ధ క్షేత్రాల శాసనాల్లో వర్తకుల పేర్లకు లోటేమీ లేదు. అందుకే నా మటుకు నేను మూడో జవాబుకే ఎక్కువ మార్కులు వేస్తాను. అది రాయి. మతం, డబ్బు కలిసి ‘కావాలి’ అని అడిగితే, ‘అవుతుంది’ అని చెప్పాల్సింది కొండే.

శామీర్‌పేట గుట్టల రాయి గ్రానైట్. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడిపోతూ గుండ్లుగా మారడం దాని నైజం. దీన్ని పగలగొట్టే వడ్డెర పనివాళ్లకు బాగా తెలుసు, రాయి తనకిష్టమైన చోటనే విడుతుంది. వరసగా గుంటలు తవ్వి, ఇనుప చీలలు దిగ్గొట్టి, సుత్తితో ఒక్కో చీల మీదా వంతులవారీగా కొడుతూ పోతే దిమ్మె నిలువునా చీలుతుంది. దిమ్మె తీయడానికి ఇంతకన్నా మంచి రాయి ఉండదు. అదే 50 మీటర్ల ఎత్తున నిటారుగా, పగులు లేకుండా నిలబడ్డ గోడ కావాలంటే ఈ గుట్టల్లో దొరకదు. ఉన్నవి బోర్లించినట్టుండే గుండ్రటి గుట్టలు, ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్న గుండ్లు. పైగా గ్రానైట్‌లో ఉలి ఒక్కో దెబ్బకు లేపేది చిటికెడు పెచ్చే.

గ్రానైట్ బుద్ధుడు ఎలా వస్తాడో చూడాలంటే హుస్సేన్‌సాగర్ చాలు. భువనగిరి దగ్గర రాయగిరిలో ఏకశిలను ఎంచి, గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కారు. సుమారు 58 అడుగుల ఎత్తు, 350 టన్నుల బరువు. 1990 మార్చిలో తరలిస్తుండగా సాగర్‌లో మునిగిపోయింది, ప్రాణాలూ పోయాయి. 1992 డిసెంబరు 1న గానీ దిమ్మె మీద నిలబడలేదు. క్రేన్లు, ట్రెయిలర్లు ఉన్న కాలంలో పడ్డ పాట్లు ఇవి. ఒక సంగతి గమనించాలి. ఆ విగ్రహం మీద మట్టి లేదు, గార లేదు, రంగూ లేదు. గ్రానైట్ కష్టపడి రూపం తీసుకుంటుంది గానీ, ఒకసారి తీసుకున్నాక దానికి పైపూతతో పని లేదు. చీవర మడతయినా, పెదవి అంచయినా రాయిలోనే తేలుతుంది. చైనాలో లాంగ్‌మెన్ సున్నపురాతిలో 675లో పూర్తయిన వైరోచన బుద్ధుడూ అంతే: ముఖంలోని ప్రశాంతత అంతా ఉలి పనే. ఎత్తు మాత్రం 17 మీటర్ల దగ్గర ఆగింది.

బామియాన్ కొండ ఇందుకు పూర్తిగా విరుద్ధం. గులకరాళ్లు, ఇసుక, ఒండ్రు కలిసి గట్టిపడ్డ కంగ్లామరేట్ అది. నడుమ నడుమ సన్నటి ఒండ్రురాతి పొరలుంటాయి. నిటారుగా గోడలా నిలబడుతుంది, అదే సమయంలో గునపానికి లొంగుతుంది. అందుకే ఆ కొండ నిండా వందల గుహలు తొలిచారు. అయితే నున్నటి పనికి ఆ రాయి ససేమిరా పనికిరాదు. ఉలి పెట్టి ముక్కు అంచు తీద్దామనుకుంటే మధ్యలో గులకరాయి తగులుతుంది. కొడితే ఆ రాయి ఊడి గుంట పడుతుంది, కొట్టకపోతే బొడిపెలా మిగులుతుంది. గజం పొడవు తిన్నటి గీత కూడా కుదరదు. భారీతనాన్ని ఇచ్చిన మెత్తదనమే సన్నపనిని లాగేసుకుంది. అందుకని పనివాళ్లు కొండలోంచి తల, భుజాలు, మొండెం, కాళ్లు ముతకగా మాత్రమే విడదీశారు. విగ్రహానికి వెనక కొండను వదిలేసి, చుట్టూ లోతైన గూడు తొలిచారు. తల దాకా ఎక్కి చుట్టూ ప్రదక్షిణ చేసేలా కొండ లోపలే మెట్లూ నడవలూ పెట్టారు. భక్తులు తిరిగిన ఆ దారులు పనివాళ్లకూ పనికొచ్చి ఉంటాయి. ఇక యాత్రికుడి కంటికి కనిపించిన బుద్ధుణ్ని తయారుచేసింది మట్టి.

2001 మార్చిలో తాలిబాన్లు రెండు విగ్రహాలనూ పేల్చేశారు. తర్వాత ఇకోమోస్ తరఫున శిథిలాలు ఏరారు. ఆ ముక్కలను మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎర్విన్ ఎమ్మర్లింగ్ బృందం పరీక్షించింది. పైపూత గురించి మనకు ఇవాళ తెలిసినదాంట్లో చాలాభాగం ఆ పరీక్షల ఫలమే. విగ్రహం నిలబడి ఉన్నన్నాళ్లూ చేతికందని ఆ పూత, కూలాకే సూక్ష్మదర్శిని కిందికొచ్చింది.

పూత రెండు మూడు వరసలు. అడుగు వరస ముతకది: మట్టిలో గడ్డి, పొట్టు కలిపి తొక్కింది. మన పల్లెల్లో మట్టి గోడ పెట్టినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. తరిగిన వరిగడ్డి, ఊక కలిపి, నీళ్లు పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చి కాళ్లతో తొక్కిన మన్నుకూ దీనికీ సూత్రం ఒకటే. ఉత్త బంకమన్ను ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. లోపలి రాయి కుంచించుకోదు. ఆ లాగులాటలో మట్టి పెద్ద పెద్ద పగుళ్లిచ్చి పెళ్లలుగా ఊడుతుంది. గడ్డి ఉంటే ఆ లాగుడును అంతటా పంచుతుంది, ఒక పెద్ద పగులు బదులు కంటికి ఆనని వెంట్రుకవాసి గీతలు వంద పడతాయి. తేమనూ గడ్డి కాస్త పీల్చి పట్టుకుంటుంది కనుక మట్టి ఒక్కసారిగా ఎండిపోదు.

పై వరసకు గడ్డి పనికిరాదు, ఈనెలు పైకి తేలి నునుపు చెడుతుంది. బామియాన్ పనివాళ్లు అక్కడ జంతువుల వెంట్రుకలు కలిపారు. సన్నగా, బలంగా ఉండే ఆ వెంట్రుకలు మట్టిని లోపల్నుంచి కుట్టినట్టు పట్టి ఉంచాయి. సన్నటి క్వార్ట్జ్ ఇసుక కుంచించుకోవడాన్ని తగ్గించింది. ఫలితంగా వచ్చిన నునుపు కాల్చిన పింగాణీలో తప్ప కనిపించదని ఎమ్మర్లింగ్ మెచ్చుకున్నాడు. కాల్చని మట్టికి అంత కితాబు దక్కడం అరుదు.

చీవరం మడతల దగ్గర పని ఇంకా ముదిరింది. పెద్ద బుద్ధుడి కింది భాగంలో రాతికి బెజ్జాలు వేసి కొయ్య మేకులు దిగ్గొట్టారు. మేకు నుంచి మేకుకు తాళ్లు కట్టారు. ఒక్కో తాడు ఒక్కో మడత పోయే దారి. ఆ తాడును గర్భంగా చేసుకుని మట్టి మెత్తితే మడత ఉబ్బెత్తుగా లేస్తుంది, బరువుకు జారిపోదు. అలా కొన్నిచోట్ల పూత మందం 8 సెంటీమీటర్ల దాకా వెళ్లింది. 38 మీటర్లో 55 మీటర్లో ఉన్న బొమ్మ మీద మడతలన్నీ ఒకే లయలో భుజం నుంచి కాలిదాకా జారాలంటే, మట్టి పట్టుకోకముందే తాళ్లతో గీసుకున్న ఆ నమూనా ఎంత అక్కరకొచ్చిందో ఊహించుకోవచ్చు. ఎక్కడైనా తాడు వంకరపోతే కిందికి దిగి దూరం నుంచి చూసి సరిచేసుకోవచ్చు. రాతిలో చెక్కిన గీతకు ఆ వెసులుబాటు లేదు.

మట్టి ఎంత పట్టి ఉంటుంది? ఇది నా వేళ్ల మీది లెక్క మాత్రమే. పెద్ద విగ్రహం ముందు భాగం, మడతలు కలుపుకుని, తక్కువలో తక్కువ వెయ్యి చదరపు మీటర్లనుకుందాం. సగటు మందం 5 సెంటీమీటర్లు వేసుకుంటే 50 ఘనపు మీటర్లు. మన ట్రాక్టర్ ట్రాలీల లెక్కన పదిహేను, ఇరవై ట్రాలీల మట్టి. చెరువు పూడికలో ఇది లెక్కలోకే రాదు. ఆ మట్టిని తొక్కి, బుట్టల్లో పదిహేను అంతస్తుల ఎత్తుకు చేరవేసి, ఒక వరస ఆరాక గీతలు పెట్టి, తడిపి, మరో వరస మెత్తడం మాత్రం చిన్న పని కాదు. బామియాన్ సముద్రమట్టానికి 2,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో తడి మట్టి గడ్డకడితే నీరు మంచై ఉబ్బి పూతను విడదీస్తుంది. పూత పని ఎండాకాలపు నెలల్లోనే జరిగి ఉండాలి.

ఆ పైన రంగు. ముక్కల మీద ఒకదానిపై ఒకటి పడ్డ రంగు పొరలు దొరికాయి. మొదట్లో పైచీవరం బయటివైపు గులాబీ రంగు, తర్వాత ముదురు నారింజ, లోపలివైపు చిక్కటి నీలం. మరో దశలో పెద్దాయనకు ఎరుపు, చిన్నాయనకు తెలుపు పూశారు, లోపలి నీలాన్ని లేత చేశారు. 11వ శతాబ్దపు రాతల్లో ఒకటి ఎర్ర బుద్ధుడనీ ఇంకొకటి వెన్నెల తెలుపు బుద్ధుడనీ ఎందుకున్నదో ఈ పొరలతో తెలిసింది. అంతకు ముందు దాన్ని కవిత్వమనుకున్నవాళ్లు ఉన్నారు. మనం పండక్కి ఇంటికి సున్నం కొట్టి జాజు పూసినట్టే అక్కడా తరాల తరబడి పూత మీద పూత పడిందన్నమాట. చుట్టూ గుహల గోడబొమ్మల్లో ఇంకో విశేషం 2008లో బయటపడింది: ఏడో శతాబ్దం నడుమ నాటి కొన్నింటిలో రంగును అక్రోటు, గసగసాల వంటి ఆరే నూనెలతో కలిపారు. తైలవర్ణం యూరప్ సొత్తు అనుకున్న పాఠాన్ని అది మార్చేసింది.

పూత ఎంత బాగా కుదిరిందో చెప్పడానికి పెద్ద సాక్షి హ్యూయెన్‌త్సాంగే. పెద్ద విగ్రహం బంగారు వన్నెతో మెరుస్తోందని, రాతిదని రాశాడు. చిన్నదాన్ని మాత్రం ఇత్తడిదని, విడివిడిగా పోతపోసి అతికారని రాశాడు. అది కొండలో భాగమేనని అంత పరిశీలకుడూ పసిగట్టలేకపోయాడు. నిజంగానే కొన్ని రేకుల తొడుగులు ఉండేవేమోనన్న వాదన ఉంది గానీ, దానికి ముక్కల్లో గట్టి ఆధారం కనబడదు. ముఖాల సంగతి మరో తగువు. రెండు విగ్రహాలకూ పెదవుల పైభాగం ఆధునిక కాలం నాటికే నిలువుగా కోసేసినట్టు లేదు. విగ్రహ ధ్వంసకులు నరికారని కొందరు, అక్కడ మొదట్నుంచీ కొయ్య ముఖం తగిలించి ఉండేదని కొందరు. కోత అంత తిన్నగా, అరలా ఉండడం చూస్తే నాకు రెండోదే సబబనిపిస్తుంది. కోపంతో నరికేవాడు మట్టం చూసుకోడు.

మట్టిపూత చేసిన ఇంకో ఉపకారం కాలనిర్ణయం. రాతిని ఎప్పుడు చెక్కారో రాయి చెప్పదు. మట్టిలోని గడ్డి చెబుతుంది: కోసిన నాటి నుంచి దానిలోని రేడియో కార్బన్ తరుగుతూ వస్తుంది. ముక్కల్లోని గడ్డి, వెంట్రుకల వంటివాటిని కొలిస్తే చిన్న విగ్రహం 544-595 మధ్య, పెద్దది 591-644 మధ్య అని తేలింది. అంతకుముందు శైలిని బట్టి రెండో శతాబ్దం నుంచి ఎన్నో ఊహలు నడిచాయి. అవన్నీ ఒక్క గడ్డిపరకతో సర్దుకున్నాయి. ఈ లెక్కన హ్యూయెన్‌త్సాంగ్ చూసిన పెద్ద బుద్ధుడు దాదాపు కొత్త విగ్రహమే.

మట్టికి శత్రువు నీరు. ఒండ్రురాతి పొరలు కూడా తడిస్తే కరిగి విడిపోయే రకమే. అందుకే గూడు అంత లోతుగా తొలిచారు. వాన తక్కువ పడే ఆ లోయలోనూ కొండ పైనుంచి కరిగి దిగే మంచునీరు గూటి కప్పు గుండా చొరబడి, పూతకూ రాయికీ నడుమ చేరేది. అక్కడ పట్టు వదిలితే బయటికి ఏమీ తెలియదు. వేలి గణుపుతో తట్టినప్పుడు గట్టిచోట మొద్దుగానూ వదిలినచోట డొల్లగానూ మోగుతుంది. మన పాత గచ్చు గోడలకు మేస్త్రీలు చేసే పరీక్షా అదే. 1969 నుంచి 1977 వరకు భారత పురావస్తు శాఖ బృందాలు ఆర్. సేన్‌గుప్తా నాయకత్వంలో అక్కడ పనిచేశాయి. నీటిని మళ్లించడం, శిథిలమైన భాగాలకు ఊతమివ్వడం, ఊడుతున్న పూత అంచులను మూసి బిగించడం వాటి పనుల్లో ముఖ్యమైనవి. అంచు మూయడం చిన్న పనిలా ఉంటుంది గానీ, పూత చచ్చేది నడిమధ్య కాదు, నీరూ గాలీ దూరే విరిగిన అంచు దగ్గరే.

ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడే మన పీఠభూమిలో ఆరుబయట బుద్ధుడికి ఈ మట్టిపూత రెండు వానాకాలాలు ఆగేది కాదు. మట్టి గోడలకు ఏటా మళ్లీ అలకాల్సిందే కదా. తెలుగునాట శిల్పులు ఆ సంగతి ఎరిగే సున్నాన్ని నమ్ముకున్నారు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2019లో బయటపడ్డ గార బోధిసత్త్వుడు మనిషెత్తు, సుమారు 1.73 మీటర్లు. లోపల ఇటుక, పైన సున్నపు గార. లోపల ముతక ఒడలు, పైన మెత్తిన నునుపైన చర్మం అన్న ఉపాయం బామియాన్‌దే. మారిందల్లా పదార్థం. మట్టి ఉత్తినే ఆరుతుంది, తడిస్తే మళ్లీ మెత్తబడుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి తిరిగి రాయవుతుంది కనుక వానకు కరగదు. అయితే రాళ్లు కాల్చాలి, తడపాలి, డంగు పట్టాలి. కట్టెల ఖర్చు, శ్రమ ఖర్చు ఎక్కువ. వెయ్యి చదరపు మీటర్ల మేనికి ఆ పూత వేయడం ఇటుక స్తూపాన్ని కట్టినంత పని. స్తూపమే కట్టారు.

లెషాన్‌లో వాన మనకన్నా ఎక్కువ. అక్కడి ఎర్ర ఇసుకరాతి బుద్ధుడు నిలవడానికి కారణం విగ్రహంతో పాటే కట్టిన ఏర్పాట్లు. జుట్టు ముడుల వెనక, చెవుల వెనక, చీవరం మడతల్లో నీటి కాలువలు దాచారు. మొత్తం విగ్రహాన్ని కప్పేలా అంతస్తుల కొయ్య మందిరం కూడా ఒకప్పుడు ఉండేది. మందిరం పోయాక విగ్రహానికి మరమ్మతుల గోల తప్పలేదు. దున్‌హువాంగ్ దగ్గర మొగావోలో 695 నాటి 35 మీటర్ల బుద్ధుడు బామియాన్ లాంటి కంగ్లామరేట్‌లోనే, మట్టిపూతతోనే ఉన్నాడు. అది ఎడారి, పైగా ముందు బహుళ అంతస్తుల మందిరం ఉంది.

బామియాన్‌లో విగ్రహాలను తిరిగి నిలబెట్టాలా అన్న చర్చ ఇప్పటికీ నలుగుతోంది. 2013లో చిన్న బుద్ధుడి పాదాల స్థానంలో కొత్త కట్టడం మొదలైతే యునెస్కో అభ్యంతరంతో ఆగింది. ఆ చర్చలో ఎక్కువమంది రాతి దిమ్మెల గురించే మాట్లాడతారు: ఎన్ని దొరికాయి, ఎక్కడివి, మళ్లీ అతకవచ్చా అని. దొరికిన దిమ్మెలన్నీ పేర్చినా వచ్చేది ముక్కూ మడతా లేని ముతక మొండెమే. దానికి కొత్త మట్టి మెత్తితే ఎమ్మర్లింగ్ చూసిన వెంట్రుకల కూర్పూ, తాళ్ల జాడలూ, మూడు నాలుగు రంగుల పొరలూ కొత్త పూత కింద కనుమరుగవుతాయి. మెత్తకపోతే హ్యూయెన్‌త్సాంగ్ చూసిన విగ్రహం అది కాదు. కాబట్టి తిరిగి కట్టే డబ్బు ఉంటే, గూటి గోడలకు ఇంకా అంటుకుని ఉన్న పూత పెళ్లల అంచులు బిగించడానికీ, పెట్టెల్లో ఉన్న ముక్కలు తేమ తగలకుండా చూడడానికీ ముందు పెట్టాలని నా అభిప్రాయం. సేన్‌గుప్తా బృందం యాభై ఏళ్ల కిందట చేసిందీ చాలావరకు ఆ పనే.